నాలుగో రోజు నుంచి గీత కదల్లేదు

సాఫ్ట్‌వేర్ కొలువులో ఉన్న కొడుకునో కోడలినో సాయంత్రం పూట "ఏంటి, మొహం అలా ఉంది?" అని అడిగితే "బర్న్‌డౌన్ ఫ్లాట్‌గా ఉందని మేనేజరు క్లాసు పీకాడు" అనే జవాబు వచ్చే ఇళ్లు హైదరాబాద్‌ మణికొండలోనూ ఉన్నాయి, అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కలా ఉన్నాయి. ఆ మేనేజరు చూసింది ఒక చిన్న గ్రాఫు. రోజురోజుకీ కిందికి దిగాల్సిన గీత అందులో మూడు నాలుగు రోజులుగా అడ్డంగా సాగిపోతోంది. పని జరగడం లేదు కాబోలు అని ఎవరికైనా అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, పని జరుగుతోందో లేదో ఆ గ్రాఫుకు తెలియదు. పూర్తయింది ఎంత, మిగిలింది ఎంత అన్నంత వరకే దానికి తెలుసు.

గ్రాఫు ఎలా తయారవుతుందో చూస్తే ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఒక సదస్సులో వివరించిన స్క్రమ్ పద్ధతిలో ఇప్పుడు బోలెడన్ని సాఫ్ట్‌వేర్ జట్లు పనిచేస్తున్నాయి. ఈ పద్ధతిలో పనిని నెలకు మించని చిన్న చిన్న గడువులుగా విడగొట్టుకుంటారు. ఒక్కో గడువును స్ప్రింట్ అంటారు. చాలాచోట్ల అది రెండు వారాలు, అంటే పది పనిదినాలు. స్ప్రింట్ మొదలయ్యే రోజున జట్టంతా కూర్చుని ఈ పది రోజుల్లో ఏమేం పూర్తి చేయాలో ఎంచుకుంటుంది. ఎంచుకున్న ఒక్కో అంశం ఒక స్టోరీ. 'అపాయింట్‌మెంట్ రద్దు చేసుకునే వీలు రోగికి ఉండాలి' అన్నది ఒక స్టోరీ. ఎంత పని పడుతుందో అంచనా వేసి ప్రతి స్టోరీకీ 1, 2, 3, 5, 8 ఇలా పాయింట్లు ఇస్తారు. ఇవి గంటల లెక్క కాదు. 8 పాయింట్ల స్టోరీ, 3 పాయింట్ల దానికన్నా బాగా పెద్దదనీ చిక్కు ఎక్కువనీ చెప్పుకోవడానికి జట్టు వాడుకునే సొంత కొలత, అంతే.

గ్రాఫులో అడ్డంగా రోజులు, నిలువుగా మిగిలిన పాయింట్లు ఉంటాయి. మొదటి రోజు మొత్తం పాయింట్ల దగ్గర మొదలై చివరి రోజున సున్నాకు చేరేలా ఒక ఏటవాలు గీత ముందే గీసి ఉంటుంది. ప్రతిరోజూ సమానంగా పని తెమిలితే ఇలా దిగుతుంది అని చూపించే ఊహాగీత అది. రెండోది అసలు గీత. ఏ రోజుకారోజు మిగిలిన పాయింట్లు ఎన్నో అది చూపిస్తుంది. ఎక్కువమంది వాడే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో ఊహాగీత బూడిదరంగులో, అసలు గీత ఎరుపులో కనిపిస్తాయి. అసలు గీత ఊహాగీతకు పైన ఉంటే వెనకబడ్డట్టు, కింద ఉంటే ముందున్నట్టు. ఎలా చదవాలో మీటింగుల్లో నేర్పేది చాలావరకు ఇక్కడితో ఆగిపోతుంది.

నేర్పకుండా వదిలేసే సంగతి ఇంకొకటుంది. 8 పాయింట్ల స్టోరీలో ముప్పాతిక వంతు పని అయిపోయినా గ్రాఫులో ఆరు పాయింట్లు తగ్గవు, ఒక్కటీ తగ్గదు. కోడ్ రాసి, వేరొకరు దాన్ని చూసి, టెస్టర్ పరీక్షించి, జట్టు ముందే ఒప్పుకున్న షరతులన్నీ తీరి, బోర్డు మీద డన్ అన్న గడిలోకి చేరినప్పుడే ఎనిమిదికి ఎనిమిదీ ఒక్కసారిగా తగ్గుతాయి. దసరా ముందు దర్జీ దుకాణం చూడండి. పది జాకెట్లు కత్తిరించి ఉంటాయి, ఆరింటికి చేతులు కుట్టేసి ఉంటాయి, ఒక్కదానికీ హుక్కులు పడవు. మిషను తెల్లవార్లూ ఆడుతూనే ఉంది. "ఎన్ని ఇచ్చావు?" అని అడిగితే మాత్రం సున్నా. బర్న్‌డౌన్ అడిగేదీ ఆ ప్రశ్నే.

అందుకని స్ప్రింట్ మొదటి ఒకటి రెండు రోజులు గీత కదలకపోతే కంగారు పడనక్కర్లేదు. అప్పటికి ఏ స్టోరీ అయినా పూర్తయితేనే వింత. శని, ఆదివారాలు కూడా అడ్డగీతే. సెలవు రోజులు ఏవో జిరాకు ముందే చెప్పి ఉంచితే ఊహాగీత కూడా ఆ రెండు రోజులు అడ్డంగానే సాగుతుంది. చెప్పకపోతే అది దిగుతూ పోతుంది, సోమవారం పొద్దున జట్టు ఉన్నట్టుండి వెనకబడినట్టు కనిపిస్తుంది. ఆ వెనకబాటు నిజం కాదు. చూడాల్సింది మధ్యలో, వరసగా రెండు మూడు పనిదినాలు గీత కదలనప్పుడు.

ఒక జట్టును ఊహించుకుందాం. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్లు తీసుకునే యాప్ తయారుచేస్తున్నారు. నలుగురు డెవలపర్లు, ఒక టెస్టర్, ఏం కావాలో చెప్పే ప్రొడక్ట్ ఓనర్, జట్టు సాఫీగా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టర్. పది పనిదినాల స్ప్రింట్, తొమ్మిది స్టోరీలు, మొత్తం 40 పాయింట్లు. అంటే ఊహాగీత రోజుకు నాలుగు చొప్పున దిగాలి. రెండో రోజు 3 పాయింట్ల స్టోరీ ఒకటి పూర్తయింది, 37 మిగిలాయి. మూడో రోజు ఐదు పాయింట్లది పూర్తయింది, 32 మిగిలాయి. ఇంకా ఊహాగీతకు కాస్త పైనే ఉన్నా ఇది మంచి ఆరంభమే. నాలుగో రోజు 32. ఐదో రోజు 32. శని, ఆదివారాల తర్వాత ఆరో రోజు సాయంత్రానికీ 32. ఆ పాటికి ఊహాగీత 16 దగ్గర ఉంది.

ఏడో రోజు పొద్దున జట్టు పావుగంట స్టాండప్‌కు చేరింది. ఒక్కొక్కరే తమ పని చెప్పారు. అందరూ బిజీయే, ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరూ లేరు. అబద్ధం చెప్పినవాళ్లూ ఎవరూ లేరు. అయినా గీత మూడు రోజులుగా కదల్లేదు. ఇలాంటప్పుడు "ఇంకాస్త స్పీడు పెంచండి" అంటే ఒరిగేదేమీ ఉండదు. స్క్రమ్ మాస్టర్ గ్రాఫు మూసేసి బోర్డు తెరిచాడు. సరైన పనే చేశాడని నా అభిప్రాయం. గీత ఎక్కడ ఆగిందో గ్రాఫు చెబుతుంది, ఎందుకు ఆగిందో బోర్డు మీదే కనిపిస్తుంది.

బోర్డు మీద ఇంకా మొదలుపెట్టని స్టోరీ ఒకటుంది, 2 పాయింట్లది. కోడ్ రాస్తున్న గడిలో రెండున్నాయి, రెండూ చెరో 8. టెస్టింగ్ గడిలో ఏకంగా నాలుగు: ఒకటి 3, ఒకటి 1, రెండు ఐదేసి. అన్నీ కలిపితే 32. డెవలపర్ల లెక్కలో ఆ నాలుగూ అయిపోయినవే. గ్రాఫు లెక్కలో 14 పాయింట్లూ అలాగే ఉన్నాయి.

టెస్టర్‌ను అడిగారు. "నాలుగో రోజు నుంచి నేను స్ప్రింట్ పని ముట్టుకోలేదండీ. పోయిన రిలీజ్‌లో రిమైండర్లు రెండేసిసార్లు వెళ్తున్నాయని క్లినిక్ నుంచి కంప్లయింటు వస్తే దాని మీదే ఉన్నాను" అన్నాడు. ఈ మాట అతను నాలుగో రోజు స్టాండప్‌లోనూ చెప్పాడు. 'ప్రొడక్షన్ ఇష్యూ చూస్తున్నాను' అన్నాడు, అందరూ తలూపారు. జట్టులో పరీక్షించే మనిషి ఒక్కడే కాబట్టి, అతను పక్కకు వెళితే టెస్టింగ్ గడి మూసుకుపోయినట్టేనని ఎవరికీ తట్టలేదు. ఐదేసి పాయింట్ల స్టోరీలు రెండింటి కథ వేరు. ఆ రెండూ రోగికి ఎస్సెమ్మెస్ పంపేవి. పరీక్షించాలంటే మెసేజ్ సర్వీసు వాళ్ల టెస్ట్ అకౌంటు కావాలి, దాన్ని ఇవ్వాల్సింది ఇంకో జట్టు. అడిగి నాలుగు రోజులైంది, జవాబు లేదు. టెస్టర్ ఖాళీగా ఉన్నా వాటిని ముట్టుకోవడానికి లేదు.

అంటే ఒకే అడ్డగీత కింద రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి జట్టు చేతిలో ఉంది, ఇంకొకటి బయటివాళ్ల చేతిలో ఉంది. గ్రాఫులో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మరి డెవలపర్లు ఏం చేస్తున్నారు? మంచి ఉద్యోగులు చేసే పనే. తమ స్టోరీ టెస్టింగ్‌కు పంపగానే ఖాళీగా ఉండకూడదని కొత్తది తీసుకున్నారు. అలా ఎనిమిదేసి పాయింట్లవి రెండూ ఒకేసారి మొదలయ్యాయి. ఒక్కోదాని మీద ఇద్దరిద్దరు ఉన్నా రోజుల తరబడి ఏదీ గడి దాటదు. పైగా దాటినా వెళ్లేది ఇప్పటికే కిక్కిరిసి ఉన్న టెస్టింగ్ గడిలోకే. అందరూ బిజీగా ఉండటానికి పెట్టుకున్న ఏర్పాటే గీతను ఆపేసింది. మధ్యలో వచ్చే అడ్డగీతలకు చాలాసార్లు కారణం ఇదే: ఒకేసారి ఎన్నో మొదలుపెట్టడం, ఏదీ ముగించకపోవడం. గుర్తుపట్టడమూ తేలికే. పనిచేసే డెవలపర్ల కంటే మధ్య గడుల్లో ఉన్న స్టోరీలే ఎక్కువగా ఉంటే ఇదేనని అనుమానించవచ్చు. ఈ బోర్డు మీద నలుగురు డెవలపర్లకు ఆరు స్టోరీలు సగంలో ఉన్నాయి.

బోర్డు చూశాక కూడా ఒక ముక్క మిగిలింది. ఐదో రోజు ఒక 2 పాయింట్ల స్టోరీ పూర్తయిందని ఒక డెవలపర్ గుర్తుచేసింది. "మరి 30కి రావాలి కదా?" అని స్క్రమ్ మాస్టర్ అడిగాడు. స్ప్రింట్ చరిత్ర తీసి చూస్తే, అదే రోజు మధ్యాహ్నం ప్రొడక్ట్ ఓనర్ ఇంకో 2 పాయింట్ల స్టోరీ చేర్చినట్టు తేలింది. పండగకు క్లినిక్ మూసి ఉంటుందని యాప్‌లో చూపించాలి, అర్జెంటు. రెండు తగ్గాయి, రెండు పెరిగాయి. సాయంత్రం ఒక్కసారే చుక్క పెట్టే గ్రాఫులో ఆ రోజు ఏమీ జరగనట్టే ఉంటుంది. జిరాలో అయితే గీత మీద చిన్న మెట్టు దిగడం, ఎక్కడం రెండూ కనిపిస్తాయి. గ్రాఫు కింద ఉన్న పట్టికలో స్టోరీ ఎప్పుడు చేరిందో, ఎప్పుడు ముగిసిందో సమయంతో సహా ఉంటుంది. ఆ పట్టికను తెరిచేవాళ్లు అరుదు. రోజూ కొంత చేసి, రోజూ కొంత నెత్తిన వేసుకునే జట్టుకు బర్న్‌డౌన్ న్యాయం చేయదు. అలాంటి చోట పూర్తయిన పని ఒక గీతగా, మొత్తం పని ఇంకో గీతగా పైకి ఎక్కుతూ కనిపించే బర్న్‌అప్ గ్రాఫు మేలు. పని పెరిగిందా, చేయడం ఆగిందా అన్నది అందులో విడివిడిగా తెలుస్తుంది.

ఇవేవీ లేకుండా, ఒట్టి నమోదు లోపం వల్ల కూడా గీత ఆగుతుంది. నేనైతే మొదట దీన్నే చూసుకోమంటాను, ఎందుకంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. జిరా గ్రాఫు బోర్డులో అన్నిటికన్నా కుడివైపున్న గడిలోకి చేరిన స్టోరీనే పూర్తయినట్టు లెక్కేస్తుంది. ఎవరో డన్ తర్వాత 'రిలీజ్ అయింది' అని ఇంకో గడి చేర్చారనుకోండి. జట్టు డన్‌లో పెట్టి చేతులు దులుపుకుంటుంది, గ్రాఫు మాత్రం ఆ చివరి గడి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఇంకో రకం ఉంది. స్టోరీని చిన్న చిన్న పనులుగా విడగొట్టుకుంటారు, వాటన్నిటినీ మూసేస్తారు, పైన ఉన్న స్టోరీని మూయడం మరిచిపోతారు. పాయింట్లు ఉన్నది పై స్టోరీ మీద కాబట్టి గీత కదలదు. ఎవరో గుర్తొచ్చి ఒకరోజు అన్నీ మూసేస్తే గీత ఒక్కసారిగా ధబ్బున పడుతుంది. ఆ పడటాన్ని చూసి ఆ రోజు జట్టు అద్భుతంగా పనిచేసిందని మెచ్చుకునే మేనేజర్లూ లేకపోలేదు.

పాయింట్లకు బదులు గంటలు లెక్కపెట్టే జట్లకు అడ్డగీత వేరే అర్థం చెబుతుంది. ఈ పద్ధతిలో ప్రతి పనికీ ఇంకా ఎన్ని గంటలు పడుతుందో రోజూ కొత్తగా అంచనా వేస్తారు. ఎనిమిది గంటల పని అనుకున్నారు, ఆరు గంటలు చేశారు. మిగిలింది రెండే అనుకుంటాం. కానీ చేసేవాడు లోపలికి దిగాక పాత కోడ్‌లో చిక్కు కనబడి, 'ఇంకా ఎనిమిది పడుతుంది' అని రాస్తాడు. గీత ఉన్నచోటే ఉంటుంది. సగంలో ఆగినవి ఎన్ని అన్న సంగతి ఇక్కడ లేదు, ఎందుకంటే సగం పని చేసినా గంటలు తగ్గాలి. రోజూ ఎంత చేస్తున్నారో అంత కొత్త పని బయటపడుతోందని ఈ గీత చెబుతోంది. అంచనాలు వేసేటప్పుడు పని లోతు తెలియలేదన్నమాట. ఇలాంటప్పుడు టెస్టింగ్ గడి వైపు చూస్తే ఏమీ దొరకదు, ఏ పని అంచనా రోజూ పెరుగుతోందో వెతకాలి. అందుకే ఎవరి గ్రాఫైనా చదివేముందు నిలువు గీత మీద ఉన్నవి పాయింట్లా, గంటలా అని అడగాలి.

మన జట్టు ఏడో రోజు పొద్దున మూడు పనులు చేసింది. ఎనిమిది పాయింట్ల స్టోరీలు రెండింటిలో తక్కువ ముందుకెళ్లినదాన్ని ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి ఈ స్ప్రింట్ నుంచి తీసేసింది. దాని మీదున్న ఇద్దరు డెవలపర్లు టెస్టింగ్‌కు దిగారు. తాము రాసినవి కాకుండా, పక్కవాళ్లు రాసినవి పరీక్షించారు. ఎస్సెమ్మెస్ అకౌంటు కోసం స్క్రమ్ మాస్టర్ మెయిళ్లు ఆపి ఆ జట్టు కూర్చునే అంతస్తుకే వెళ్లాడు.

ఏడో రోజు సాయంత్రానికి 3 పాయింట్లది, 1 పాయింటుది పూర్తయ్యాయి. 32 నుంచి నాలుగు తగ్గి 28, తీసేసిన ఎనిమిది కూడా పోయి 20. గీత ఒక్కరోజులో పన్నెండు దిగింది. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. పన్నెండులో పని వల్ల తగ్గినవి నాలుగే, ఎనిమిది వాయిదా వల్ల తగ్గాయి. అడ్డగీతను సోమరితనం అనుకోవడం ఎంత తప్పో, ఈ దిగుడును వేగం అనుకోవడమూ అంతే తప్పు. ఎనిమిదో రోజు ఎస్సెమ్మెస్ అకౌంటు వచ్చింది, ఒక ఐదు పూర్తయి 15కు దిగింది. తొమ్మిదో రోజు ఇంకో ఐదు, పండగ స్టోరీ రెండు పూర్తయి 8కి వచ్చింది. పదో రోజు కూడా ఎనిమిదే. మిగిలిన ఆ పెద్ద స్టోరీ టెస్టింగ్ దాకా వచ్చి ఆగింది. ఎనభై శాతం అయింది కదా అని ఆరు పాయింట్లు రాసుకోలేదు, సున్నానే రాశారు. స్ప్రింట్‌లో పూర్తయినవి మొత్తం 26.

సున్నాకు చేరలేదు కాబట్టి ఈ స్ప్రింట్ ఫెయిలయిందని అనేవాళ్లు ఉంటారు. గ్రాఫు వాడకంలో అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది. గీత ఎందుకు ఆగిందని అడిగే చోట ఎవరివల్ల ఆగిందని అడగడం మొదలైతే జట్లకు ఉపాయాలు వచ్చేస్తాయి. టెస్టింగ్ కాకుండానే డన్‌లో పెట్టి, దొరికిన తప్పులను కొత్త స్టోరీలుగా వచ్చే స్ప్రింట్‌లో రాసుకుంటారు. రోజూ గీత దిగేలా ఉండాలని ఒక స్టోరీని అర్థంలేని ముక్కలుగా చేస్తారు. అలాంటి జట్టు గ్రాఫు ఊహాగీతకు అతుక్కుని గీతలాగే దిగుతుంది. పది రోజులూ రూళ్లకర్ర పెట్టి గీసినట్టున్న బర్న్‌డౌన్ నాకైతే మధ్యలో ఆగిన గీతకన్నా ఎక్కువ అనుమానం తెప్పిస్తుంది. స్క్రమ్ గైడ్‌ కూడా 2011 నుంచి బర్న్‌డౌన్ తప్పనిసరి అనడం లేదు. 2020లో వచ్చిన గైడ్ దాన్ని పని ఎంత ముందుకెళ్లిందో అంచనా వేసే పద్ధతుల్లో ఒకటిగా పేర్కొని ఊరుకుంది.

స్ప్రింట్ ముగిశాక మన జట్టు కూర్చుని మాట్లాడుకుంది. వాయిదా పడ్డ ఎనిమిది పాయింట్ల స్టోరీని 3, 3, 2గా విడగొట్టారు, ఒక్కో ముక్కా విడిగా రోగికి పనికొచ్చేలా చూసుకున్నారు. టెస్టింగ్ గడిలో ఒకేసారి మూడుకు మించి ఉండకూడదని, నాలుగోది రాబోతే డెవలపర్లే వచ్చి ముందున్నవాటిని తెమల్చాలని రాసుకున్నారు. బయటి జట్టు నుంచి ఏదైనా కావాల్సిన స్టోరీని, అది చేతికి వచ్చేదాకా స్ప్రింట్‌లోకి తీసుకోవద్దనుకున్నారు. ప్రొడక్షన్ ఇష్యూ వస్తే టెస్టర్ ఒక్కడే వెళ్లకుండా వంతులవారీగా ఒక డెవలపర్ వెళ్లాలన్న మాట మీద మాత్రం చాలాసేపు వాదన జరిగింది. డెవలపర్లలో ఇద్దరు ఒప్పుకోలేదు. దాన్ని ఒక్క స్ప్రింట్‌కు ప్రయత్నించి చూద్దామని తేల్చారు.